పడుకుంటే చాలు గొంతులో కిచకిచ, దగ్గు... ఉప్పునీళ్లతో ముక్కు కడిగితే తగ్గిందా ఎవరికైనా?

కొర్లగుంట టీచర్:
నవంబరులో జలుబు చేసింది. అది పోయి మూడు నెలలైనా దగ్గు వదల్లేదు. గొంతు వెనకాల వెంట్రుక ఇరుక్కున్నట్టు ఉంటుంది, క్లాసులో రెండు వాక్యాలు చెప్పేలోపు సకిలించాల్సిందే. పడుకోగానే ముక్కు వెనక నుంచి జిగురుగా కిందికి దిగడం తెలుస్తుంది. దగ్గు మందు మూడు సీసాలు తాగాను. ఈఎన్టీ డాక్టరు పోస్ట్ నేసల్ డ్రిప్ అని చెప్పి, ఉప్పునీళ్లతో కడగమన్నారు. చేస్తే ముక్కు భగ్గుమని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండు గంటల తర్వాత వంగి చెప్పులు వేసుకుంటుంటే ముక్కులోంచి నీళ్లు బొటబొటా కారాయి. ఇలా అందరికీ అవుతుందా? ఎన్ని నెలలు చేయాలి?

గ్రీమ్స్‌పేట అక్క:
ముందు బీపీ మాత్రలు వాడుతున్నారేమో చెప్పండి. మా అత్తకు ఆరు నెలలు పొడిదగ్గు, అందరూ అలర్జీ అన్నారు. చివరికి చూస్తే ఆమె వాడే రామిప్రిల్ వల్ల. డాక్టరు ఆ మాత్ర మార్చాక కొన్ని వారాల్లో దగ్గు పోయింది.

కొర్లగుంట టీచర్:
నాకు బీపీ లేదక్కా. కళ్లె పరీక్ష, ఎక్స్‌రే కూడా అయ్యాయి, టీబీ కాదన్నారు.

యోగా మూర్తి:
ఇదేం కొత్త కాదు, జలనేతి. ఇరవై ఏళ్లుగా రోజూ పొద్దున చేస్తున్నా. కుళాయి నీళ్లు గోరువెచ్చగా చేసి చిటికెడు ఉప్పు వేస్తే చాలు. ఒక్క రోజు కూడా ఏమీ కాలేదు. భయపడి వదిలేసేవాళ్లకే మంట.

ఓటీ సిస్టర్:
మూర్తి గారూ, కుళాయి నీళ్ల మాట దయచేసి రాయకండి. ఈఎన్టీ ఓటీలో పద్దెనిమిదేళ్లు చేశాను. టీచర్ గారూ, నీళ్లెన్ని, ఉప్పెంత, ఏ చెంచాతో?

కొర్లగుంట టీచర్:
పావు లీటరు గ్లాసు. కూర వడ్డించే పెద్ద చెంచాతో ఒక చెంచా నిండుగా.

ఓటీ సిస్టర్:
మంట అందుకే. లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు ఉంటే మన ఒంట్లో నీళ్లతో సమానం, మంటుండదు. పావు లీటరుకు రెండుంపావు గ్రాములు చాలు. దగ్గు మందుతో వచ్చే 5 మి.లీ. చెంచాలో అర చెంచాకు కాస్త తక్కువ, తలగొట్టి వేయాలి. మీ పెద్ద చెంచాలో పదిహేను గ్రాములకు పైనే పడి ఉంటుంది. అలాగని ఉప్పు మరీ తగ్గించినా, ఉత్త నీళ్లు పోసినా మంటే. చిటికెడు తినే సోడా కలిపితే ఇంకా హాయి.

పీలేరు అబ్బాయి:
ఆర్వో నీళ్లు వాడితే సరిపోదా? అవే తాగుతున్నాం కదా.

ఓటీ సిస్టర్:
సరిపోదు నాన్నా. తాగిన నీళ్లు కడుపులోకి పోతాయి, అక్కడ యాసిడ్ ఉంది. ముక్కు పైభాగం నుంచి మెదడుకు దారి దగ్గర. కేరళలో మెదడుకు అమీబా సోకి మనుషులు చనిపోయిన వార్తలు మీరూ చూసుంటారు. ఆ అమీబా నీళ్లతో ముక్కులోంచే పైకి పోతుంది. తెర్లుతున్న నీళ్లను ఒక నిమిషం అలాగే ఉంచి, మూతపెట్టి గోరువెచ్చగా ఆరనివ్వాలి.

యోగా మూర్తి:
ఇరవై ఏళ్లలో నాకు రాని అమీబా వీళ్లకు ఇప్పుడొస్తుందా? జనాన్ని ఊరికే బెదిరించకండి.

ఓటీ సిస్టర్:
అరుదే, కాదనను. కానీ వస్తే బతికేవాళ్లు బహు కొద్దిమంది. గ్యాసు పొయ్యి మీద పది నిమిషాల పనికి అంత పంతం ఎందుకండీ?

పీలేరు అబ్బాయి:
నాకు అయోడిన్ ఉప్పుతో గొంతు మండింది, కల్లుప్పుతో మండలేదు.

గ్రీమ్స్‌పేట అక్క:
మేం అయోడిన్ ఉప్పే వాడాం, ఏం కాలేదు. కల్లుప్పులో మట్టి ఉంటుంది.

పీలేరు అబ్బాయి:
మరిగేటప్పుడే వేసి, మరిగించిన గుడ్డలో వడకడితే మట్టెందుకుంటుంది అక్కా!

ఓటీ సిస్టర్:
అయోడిన్ లేనిది మేలంటారు, కొందరికి ఏ తేడా ఉండదు. టీచర్ గారూ, వంగితే నీళ్లు కారడం మామూలే, సైనస్‌లో కొంచెం నిలిచి ఉంటాయి. కడిగాక తల వంచి ఇటూ అటూ తిప్పండి, ఒక్కో ముక్కు మెల్లగా చీదండి. రెండూ మూసి గట్టిగా చీదితే చెవిలోకి తోస్తుంది. పోసేటప్పుడు నోరు తెరిచి నోటితోనే గాలి పీల్చండి. స్ప్రే రాశారా?

కొర్లగుంట టీచర్:
రాశారు. స్ప్రే కొట్టి వెంటనే కడుగుతున్నాను.

ఓటీ సిస్టర్:
అయితే మందంతా సింకులో పోతోంది! ముందు కడిగి, పది పదిహేను నిమిషాలాగి స్ప్రే.

కొర్లగుంట టీచర్:
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. మంట లేదు. మొదటి మూడు రోజులు పసుపుపచ్చ తీగలా జిగురు వచ్చింది, తర్వాత తెల్లగా. ఐదో రాత్రి దగ్గకుండా తెల్లారేదాకా నిద్రపోయాను, మా ఆయన లేచి వచ్చి చూశారు. పొద్దున లేవగానే సకిలింపు మాత్రం ఉంది. నిన్న కడగకుండా వదిలేస్తే రాత్రికి మళ్లీ కిచకిచ.

గ్రీమ్స్‌పేట అక్క:
మీ వీధిలో రోడ్డు తవ్వారా? మా ఇంట్లో దుమ్ము లేచిన రోజల్లా ఇంతే.

ఓటీ సిస్టర్:
కడిగితే జిగురూ దుమ్మూ పోతాయి, అలర్జీ పోదు. అందుకే ఆపితే తిరగబడింది. స్ప్రే ఎన్నాళ్లో డాక్టరునే అడగండి. ముక్కు కడిగే సీసాను రోజూ కడిగి బోర్లించి ఆరబెడుతున్నారా?

కొర్లగుంట టీచర్:
మూత పెట్టి బాత్రూంలోనే ఉంచుతున్నాను. ఈ రోజే మారుస్తాను.