ఆర్‌ఏసీలో 'అగైనెస్ట్' అంటే వ్యతిరేకం కాదు కదా?

శిరీష: మా తమ్ముడు రైలు టికెట్లో ఆర్‌ఏసీని, అదే 'రిజర్వేషన్ అగైనెస్ట్ క్యాన్సలేషన్'ని, 'రద్దుకు వ్యతిరేకంగా రిజర్వేషన్' అని తెలుగు చేసి గ్రూపులో పెట్టాడు. నవ్వాను కానీ, సరైన మాట నాకూ తట్టలేదు. మీరేమంటారు?

రామారావు: 'జీతం మీద అడ్వాన్సు', 'పంట మీద అప్పు' అంటాం చూడండి, ఇక్కడ అగైనెస్ట్ ఆ 'మీద' అన్నమాట. ఎవరో రద్దు చేసుకుంటారన్న లెక్క మీద రైల్వే మీకు ముందే చోటిస్తుంది, కాకపోతే సగం చోటు. సైడ్ లోయర్‌లో ఇద్దరు కూర్చుంటారు, కన్ఫర్మ్ అయినవాళ్లు ఎవరైనా రద్దు చేసుకుంటే వరసలో ముందున్నవారికి పూర్తి బెర్తు. వెయిటింగ్‌కి ఆ సగం కూడా లేదు.

కిరణ్: సింపుల్ బ్రో. వెయిటింగ్ లిస్టులో డబ్ల్యూఎల్ 12 అంటే 12 మంది రద్దు చేసుకుంటే బెర్తు.

రామారావు: సగం నిజం బాబూ. మీ ముందున్నవాళ్లలో 12 మంది తప్పుకుంటే మీరు చేరేది ఆర్‌ఏసీ చివరికి. ఆ కోచ్ క్లాసులో ఆర్‌ఏసీ 20 దాకా ఉందనుకోండి, పూర్తి బెర్తుకు ఇంకో 20 మంది తప్పుకోవాలి. మీ వెనకవాళ్లు రద్దు చేసుకుంటే మీకు ఒరిగేదేం లేదు. మామూలు వెయిటింగ్ టికెట్ మీద GNWL 34/WL 12 అని కనిపిస్తే మొదటిది కొన్ననాటి నంబరు, రెండోది ఇవాళ్టిది.

పద్మ: మాకు సంక్రాంతికి నాన్నది ఆర్‌ఏసీ, అమ్మది వెయిటింగ్‌లోనే ఉండిపోయింది, ఆన్‌లైన్ టికెట్. ఒకే పీఎన్‌ఆర్ కాబట్టి రద్దు కాలేదు, ఇద్దరూ ఎక్కారు. అందరిదీ వెయిటింగే అయితే చార్ట్, అంటే ఎవరికి ఏ బెర్తో చెప్పే జాబితా, వేసిన తర్వాత దానంతటదే రద్దయి డబ్బు వెనక్కొస్తుంది, కొంచెం కోసుకుని.

శిరీష: అయ్యో, నేనడిగింది మాట గురించండీ 😀 అయినా చెప్పండి, చివర్లో నంబరు ఒక్కసారిగా ఎందుకు దూకుతుంది?

రామారావు: రెండు కారణాలు. కన్ఫర్మ్ టికెట్ రద్దు చేస్తే బయల్దేరే గడువు దగ్గరపడేకొద్దీ కోత పెరుగుతుంది కాబట్టి, అటూ ఇటూ ఊగేవాళ్లు కోత పెరిగే ముందే రద్దు చేసేస్తారు. రెండోది, అత్యవసర కోటా లాంటివాటిలో మిగిలిన బెర్తులు చార్ట్ వేసేటప్పుడు వదులుతారు, అప్పటిదాకా నత్తలా కదిలిన నంబరు అక్కడ గంతేస్తుంది. ఇదివరకు 4 గంటల ముందు వేసే మొదటి చార్ట్ 2025 జులై నుంచి ముందుకు జరిగింది, కాబట్టి ఆ టెన్షన్ ఇప్పుడు కొంచెం ముందే తీరుతుంది. చార్ట్ తర్వాత ఆర్‌ఏసీ వాళ్లకు ఇంకో ఆశ, రైలెక్కనివాళ్ల బెర్తులు టీటీఈ ఇస్తారు. పండగ రోజుల్లో రద్దులే తక్కువ, మామూలు రోజుల అంచనా అక్కడ పనికిరాదు.

కిరణ్: మరి నాది తత్కాల్ వెయిటింగ్, 4 మాత్రమే. అయిపోతుందిగా?

రామారావు: దానికి ఆర్‌ఏసీ మెట్టే ఉండదు, అయితే కన్ఫర్మ్, లేకపోతే లేదు. చార్ట్‌లో మామూలు వెయిటింగ్‌కే ముందు చోటు. నాలుగని ధీమా పడకండి.

శిరీష: అయితే 'రద్దుల మీద రిజర్వేషన్' అనొచ్చా?

పద్మ: అర్థం సరే, కానీ టీటీఈ దగ్గర ఆ మాటంటే మొహం చూస్తాడు. మా పెద్దమ్మ మాత్రం 'సగం బెర్తు టికెట్' అంటుంది.