పాస్‌పోర్టు కాపీలో నంబరు దాచి, మీద ప్రయోజనం, తేదీ రాసి పంపడం: రక్షణా, ఉత్త తంతా?

అద్దె_ఇల్లు: అద్దె ఒప్పందం కోసం ఏజెంటు నా పాస్‌పోర్టు ఫొటో పేజీ కాపీని మెయిల్‌లో పంపమన్నారు. నంబరు మీద నల్లపట్టీ వేసి, అడ్డంగా ప్రయోజనం, తేదీ రాసి పంపితే చాలా? అసలు దీనివల్ల ఉపయోగం ఉందా, లేక మన తృప్తి కోసమేనా?

నిక్కచ్చి: తృప్తి కోసమే. రాతను చెరిపేసే యాప్‌లు ఫోన్లలోనే ఉన్నాయి. మోసం చేసేవాడు అంత శ్రమ కూడా పడడు, వివరాలు చూసి వేరేచోట టైపు చేసుకుంటాడు. నంబరు దాచండి, చాలు. మిగతాదంతా హడావిడి.

దస్త్రాల_గది: నిక్కచ్చి గారూ, నంబరు దాచేశామనుకున్న చోటే చాలామంది దొరికిపోతారు. ఫొటో పేజీ అడుగున << గుర్తులతో రెండు వరసలుంటాయి చూడండి, ఒక్కోదానిలో 44 అక్షరాలు. రెండో వరసలో మొదటి 9 గళ్లు పాస్‌పోర్టు నంబరువే. అదే వరసలో పుట్టిన తేదీ, గడువు తేదీ కూడా ఉంటాయి. పైన పట్టీ వేసి కింద వదిలేస్తే ఏమీ దాచనట్టే.

సగం దాచడం కూడా నమ్మదగ్గది కాదు. ఆ వరసలో పదో గడి తనిఖీ అంకె. అంతర్జాతీయ ప్రమాణ పత్రంలో అచ్చువేసిన నమూనా పాస్‌పోర్టునే తీసుకుందాం. దాని నంబరు L898902C3, తనిఖీ అంకె 6. చివరి అంకె ఒక్కటే దాచి తక్కినది వదిలేశారనుకోండి:

```
L 8 9 8 9 0 2 C ?  -> 6
7 3 1 7 3 1 7 3 1
```

అక్షరాలకు A=10 నుంచి విలువలిస్తారు కాబట్టి L అంటే 21, C అంటే 12. ఒక్కోదాన్ని కింద ఉన్న అంకెతో గుణించి కూడితే కనిపించే వాటి మొత్తం 313. దాచిన అంకె కలిశాక చివర 6 రావాలి, అంటే అది 3 తప్ప ఇంకోటి కాదు. నాలుగు అంకెలు దాచినా 10,000 అవకాశాలు 1,000కి పడిపోతాయి. అందుకే రెండు వరసలనూ మొదలు నుంచి చివరిదాకా పూర్తిగా కప్పాలి. కొన్ని పాస్‌పోర్టుల్లో నంబరు చిన్న చిల్లులుగా కూడా పొడిచి ఉంటుంది. స్కాన్‌ను పెద్దది చేసి చూసి, కనిపిస్తే దాన్నీ కప్పండి.

సంతకం_సహితం: ఇంత దూరం ఎందుకండీ? ఉద్యోగంలో చేరేటప్పుడు నేను జిరాక్స్ మీద నీలం పెన్నుతో సంతకం చేసి తేదీ వేసి ఇచ్చాను. ఇక్కడ చెప్తున్నదీ అదేగా?

దస్త్రాల_గది: కాదండీ, అది దాదాపు దీనికి ఎదురు. సంతకం, తేదీ మాత్రమే ఉంటే "ఇది అసలుకు సరైన నకలు" అని మీరే ధ్రువీకరించినట్టు. ఆ కాపీ ఎవరి చేతికి చిక్కినా వాళ్లకు మరింత పనికొస్తుంది, పైగా మీ సంతకం నమూనా కూడా వాళ్లకు అందింది. ప్రయోజనం రాస్తే అది ఆ కాపీని ఒక్క పనికి కట్టేస్తుంది. సంతకం తప్పనిసరి అన్నచోట ప్రయోజనం వాక్యం రాసి, దాని అక్షరాలకు తగిలేలా సంతకం పెట్టండి. అప్పుడు ఒకటి చెరిపితే రెండోది చెడుతుంది.

నీలం పెన్ను వద్దు. కలర్ స్కాన్‌లో నీలం చానెల్ ఒక్కటే తీసి చూస్తే నీలం సిరా తెల్ల కాగితంలో దాదాపు కలిసిపోతుంది, అచ్చు అక్షరాలు మాత్రం నల్లగానే నిలుస్తాయి. అచ్చు నలుపైతే రాతా నలుపే ఉండాలి.

పొరలు_విప్పేవాడు: డిజిటల్ వైపు ఇంకో పెద్ద లోపం ఉంది. పీడీఎఫ్‌లో గీసిన నల్ల పెట్టె చాలాసార్లు వేరే పొరగానే ఉంటుంది, కింద అసలు స్కాన్ చెక్కుచెదరదు. పంపేముందు మీ ఫైలును మీరే విప్పి చూడండి:

```
pdfimages -all masked.pdf out
pdftotext masked.pdf -
```

మొదటిది లోపలి బొమ్మలను బయటికి తీస్తుంది. వాటిలో పట్టీ లేని పాస్‌పోర్టు కనబడితే దాచలేదన్నమాటే. రెండోదానిలో పేరు, నంబరు అక్షరాలుగా వస్తే, స్కానర్ యాప్ బొమ్మ వెనక టెక్స్ట్ పొర పెట్టిందని అర్థం. పేజీని బొమ్మగా మార్చేస్తే రెండూ పోతాయి:

```
pdftoppm -r 150 -png masked.pdf page
```

వచ్చిన PNGనే పంపండి. ఫోన్‌లో చేసేవాళ్లు హైలైటర్ లాంటి పెన్ను వాడొద్దు. అది అరపారదర్శకం, బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ పెంచితే కింది అంకెలు తేలతాయి. నిండు రంగు దీర్ఘచతురస్రమే వేయాలి. మసకబార్చడం కూడా చాలదు. అంకెలు పదే కాబట్టి, ఒక్కోదాన్ని మసకబార్చి పోల్చుకుంటూ పోతే పట్టేయొచ్చు. కత్తిరించినదాన్నీ గుడ్డిగా నమ్మకండి. పిక్సెల్ ఫోన్ల మార్కప్‌లో కత్తిరించిన స్క్రీన్‌షాట్ల నుంచి తీసేసిన భాగం తిరిగి రాబట్టవచ్చని 2023లో బయటపడింది (CVE-2023-21036).

నిక్కచ్చి: సరే, నంబరు, పొరల సంగతి ఒప్పుకుంటాను. కానీ ప్రయోజనం, తేదీ రాయడం గురించి నా ప్రశ్న అలాగే ఉంది. చెరపగలిగినదాన్ని రాయడం ఎందుకు?

దస్త్రాల_గది: ఎక్కడ రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. అంచున ఖాళీలో రాస్తే కత్తిరిస్తే పోతుంది. ముఖం అంచుమీదుగా, వెనక ఉన్న సన్నటి గీతల డిజైన్ మీదుగా, పేరు మీదుగా ఏటవాలుగా రెండు మూడుసార్లు వెళ్తే, చెరిపినవాడు ముఖాన్నీ గీతలనూ మళ్లీ గీయాల్సి వస్తుంది. ఆ అతుకు పరీక్షగా చూసేవాళ్ల కంటికి ఆనుతుంది. వాక్యం ఇలా ఉంటే చాలు: "నకలు. ఫలానా ఏజెన్సీకి, ఫలానా చిరునామా ఇంటి అద్దె ఒప్పందానికి మాత్రమే. 14-03-2025." ఎవరికి ఇచ్చామన్నది వదిలేయకూడదు. ఆరుగురికి ఆరు వేర్వేరు వాక్యాలతో ఇస్తే, రేపు ఒకటి ఎక్కడైనా తేలితే ఎవరి దగ్గర నుంచి పోయిందో ఆ వాక్యమే చెప్తుంది. టైపు చేసుకునేవాణ్ని ఇది ఆపదు, అందులో మీరు చెప్పింది నిజం. ఈ బొమ్మనే ఇంకోచోట గుర్తింపుగా చూపించేవాణ్ని ఆపుతుంది. నెదర్లాండ్స్ ప్రభుత్వం ప్రజల కోసం KopieID అనే యాప్ పెట్టిందే ఈ రెండు పనులకు, వివరాలు కొట్టేయడానికి, మీద ప్రయోజనం రాయడానికి.

కౌంటర్_వైపు: కాపీలు తీసుకునేవైపు నుంచి ఒక మాట. బ్యాంకు, వీసా దరఖాస్తుల్లాంటి చోట్ల పూర్తి నంబరు తప్పనిసరిగా కావాలి, అడుగు రెండు వరసలను యంత్రమే చదువుతుంది. వాటి మీద రాత పడితే ఫైలు తిరస్కరిస్తుంది, మీరు విసిగిపోయి ఏ రాతా లేని కాపీ పంపుతారు. అక్కడ వరసలు తెరిచి ఉంచి, రాతను ఫొటో, పేరు భాగానికి పరిమితం చేయండి, అది కూడా లేత బూడిదరంగులో. దానికీ ఒప్పుకోకపోతే కాపీ ఇవ్వకుండా అసలు చూపించవచ్చా అని అడగండి.

అద్దె_ఇల్లు: ఏజెంటును అడిగితే పేరు, ఫొటో సరిపోల్చుకోవడానికే అన్నారు. అయితే నంబరు, రెండు వరసలు, సంతకం, పుట్టిన ఊరు కప్పేస్తాను. పుట్టిన తేదీ?

దస్త్రాల_గది: అదీ కప్పేయండి. పేరు, ఫొటో చూడటానికి దానితో పనిలేదు.

కౌంటర్_వైపు: నేనైతే సంవత్సరం వదిలేస్తాను. ఒకే పేరున్న ఇద్దరిని విడదీయడానికి మాకు అదొక్కటే ఆధారం, అది కూడా లేకపోతే ఇంకో పత్రం అడుగుతాం. అప్పుడు మీరిచ్చే కాపీలు రెండవుతాయి.

నిక్కచ్చి: రెండో పత్రం అడిగినప్పుడు చూసుకోవచ్చు కదా. ముందే ఇచ్చేసిన వివరాన్ని వెనక్కి తీసుకోలేం.