ఎస్‌ఆర్‌టీ ఫైల్లో లైనుకు 42 అక్షరాలు: తెలుగులో ఏ లెక్క?

కావలి కుర్రోడు:
రొయ్యల రైతుతో తీసిన ఇంటర్వ్యూకి టైముతో సహా మాటలన్నీ టైప్ చేయించాను. ఇప్పుడు దాన్ని ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలుగా చేయాలి. లైను 42 అక్షరాలు దాటకూడదంటున్నారు, తెలుగులో ఆ 42 ఎట్టా లెక్కపెట్టాలి? టైము చివర ఉన్న 18, 05 ఏంటి? వాటిని కామా పెట్టి అలాగే దించేయచ్చా? ఒక ముక్క కింద ఇస్తున్నాను, ఆ క్లిప్ కూడా పెట్టాను.

```
[00:04:17:18] రైతు: తెల్లారుజామున ఏరియేటర్ ఆగిపోయిందంటే చాలు, రొయ్యలన్నీ గట్టు పక్కకు వచ్చి పైకి తేలతాయి. అప్పుడు చూసుకోకపోతే ఆ పంట ఇంక పోయినట్టే.
[00:04:31:05] ప్రశ్న: అప్పుడేం చేస్తారు?
```

ఒంగోలు ఎడిటర్:
తమ్ముడూ, 42 అంటే 42. పైథాన్‌లో `len()` పెట్టి చూడు, అది ఎంత చెబితే అంత. "తెల్లారుజామున... చాలు," వరకు 41 వచ్చింది, పాస్. "రొయ్యలన్నీ... తేలతాయి." 43 వచ్చింది, ఫెయిల్. అందుకని "గట్టు పక్కకు వచ్చి" తీసేసి "రొయ్యలన్నీ పైకి తేలతాయి" అని పెట్టేయ్, అర్థం మారదు. టైముకి 18 తర్వాత ఒక సున్నా తగిలించు, 180 మిల్లీసెకన్లు అవుతుంది. ఒక మాట అయిపోయే టైము ఏదంటే, తర్వాతి మాట మొదలయ్యే టైమే. ఇందులో ఇంతకు మించి ఏం లేదు.

దర్శి శ్రీను:
నాకూ ఇదే ప్రాబ్లం. మా చెల్లెలి పెళ్ళి వీడియోకి సబ్‌టైటిల్ వేస్తే తెలుగంతా ప్రశ్న గుర్తులు వస్తున్నాయి. 42 దాటినందుకేనా?

పెన్న ఒడ్డు:
శ్రీను గారూ, మీది వేరే సమస్య. ఫైలును నోట్‌ప్యాడ్‌లో `ANSI` అని సేవ్ చేసి ఉంటారు. అలా చేస్తే అక్షరాలు పోయినట్టే, ఆ ఫైలుతో లాభం లేదు. అసలు టెక్స్ట్ మళ్ళీ పెట్టి `UTF-8` అని సేవ్ చేయండి.

ఇక కావలి తమ్ముడికి. ముందు టైము సంగతి, ఎందుకంటే ఒంగోలు అన్న చెప్పింది తప్పు. చివర ఉన్న 18 మిల్లీసెకన్లు కాదు, ఫ్రేములు. 180 అని పెడితే మాట అర సెకను పైగా ముందే తెర మీదకు వచ్చేస్తుంది. నీ వీడియో సెకనుకు 25 ఫ్రేములదైతే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. 18ని 40తో గుణిస్తే 720, కాబట్టి `00:04:17,720`. రెండోది 5 ఫ్రేములు, అంటే 200, `00:04:31,200`. అదే వీడియో 30 ఫ్రేములదైతే 18 అంటే 600 అవుతుంది. ఏదో తెలియకపోతే ట్రాన్స్‌క్రిప్ట్ మొత్తంలో ఆ చివరి అంకె ఎంత దాకా వెళ్ళిందో చూడు. 24 దాకా వెళ్ళి, ఎక్కడా అంతకు మించకపోతే 25 ఫ్రేములు అనుకోవచ్చు. 27, 29 లాంటివి కనిపిస్తే 25 కాదు.

ఎక్కడ పొరపాటు జరిగిందో తప్పును బట్టే తెలిసిపోతుంది. ఫ్రేముల్ని మిల్లీసెకన్లుగా రాస్తే ఒక్కో మాట ఒక్కో రకంగా, సెకను లోపు తేడాతో, ముందే వచ్చేస్తుంది. ఫైలు మొత్తం ఒకే తేడాతో జరిగి ఉంటే మొదలు పెట్టిన టైము తప్పు. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను తేడా పెరుగుతూ ఉంటే, వీడియో వేగం ఒకటైతే నువ్వు లెక్క కట్టిన వేగం ఇంకొకటి.

కావలి కుర్రోడు:
ఫైలంతా వెతికాను అన్నా, 24 దాటింది ఒక్కటీ లేదు. కెమెరా సెట్టింగ్ కూడా 25.

ఒంగోలు ఎడిటర్:
టైము సంగతి సరే, వదిలేద్దాం. 42 గురించి మాట్లాడండి. నేను చెప్పింది అందులో తప్పేముంది?

పెన్న ఒడ్డు:
`len()` మన అక్షరాల్ని లెక్కపెట్టదు. గుణింతాన్ని ఒకటిగా, పొల్లును ఒకటిగా, సున్నను ఒకటిగా విడివిడిగా లెక్కేస్తుంది. "నెల్లూరు" చదివేవాళ్ళకి మూడు అక్షరాలు, దానికి ఎనిమిది. మీరు పాస్ చేసిన లైనూ, ఫెయిల్ చేసిన లైనూ రెండూ వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఖాళీలు, కామా, చుక్క కలిపి రెండూ 23 చొప్పునే. రెండో దాంట్లో వత్తులు ఎక్కువ, అంతే. వత్తు కిందకు వెళ్తుంది గానీ లైనును పొడుగు చేయదు కదా.

కనిగిరి పద్మ:
ఆ చివరి చుక్క, ఇంకో అక్షరం ఎక్కడైనా తీసేసినా పాస్ అయిపోతుంది. 43 కోసం మూడు మాటలు తీయడం ఎందుకండీ?

పెన్న ఒడ్డు:
పద్మ గారూ, చుక్క ఒక్కటి తీస్తే చాలు, సరిగ్గా 42.

ఒంగోలు ఎడిటర్:
మీరందరూ వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. అది ఇంగ్లీషుకి పెట్టిన లెక్క అని నాకూ తెలుసు. కానీ తెలుగులో 42 అక్షరాలు నిండుగా పెడితే ఫోన్‌లో లైను పక్కకు పోయి మూడో లైను అవుతుంది. `len()`తో 42 అంటే దాదాపు 23 అక్షరాలు అని మీరే అన్నారు. అది ఫోన్‌లో చక్కగా పడుతుంది. నా లెక్క పని చేస్తోంది, మీ లెక్క పని చేయదు.

పెన్న ఒడ్డు:
ఇది మంచి పాయింటు, ఒప్పుకుంటున్నాను. 42 తెలుగక్షరాలు పెట్టమని నేనూ చెప్పను. మన అక్షరాలు వెడల్పు, లైను తెర దాటుతుంది. కాకపోతే పరిమితి పెట్టేది తెర మీద ఎంత పడుతుందని చూసి. కంటికి కనిపించే అక్షరాలు 26 దగ్గర గీత గీసుకుని, చిన్న ఫోన్‌లో ఒకసారి వేసి చూసుకుంటే చాలు. లెక్కకి ఇది వాడొచ్చు, ముందు `pip install regex` చేసుకోవాలి:

```python
import regex
print(len(regex.findall(r"\X", "నెల్లూరు")))
```

3 రావాలి. 4 వచ్చిందంటే మీ దగ్గరున్నది పాతది, వత్తక్షరాన్ని రెండు ముక్కలు చేస్తోంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచే వత్తును కలిపి చూడటం మొదలైంది.

ఒంగోలు ఎడిటర్:
26 అని ఎవరు రాశారు? ఎక్కడుంది ఆ రూలు? నెట్‌ఫ్లిక్స్ వాళ్ళ గైడ్‌లో చూపించండి. మీ ఇష్టం వచ్చిన అంకె మీరు, నా ఇష్టం వచ్చింది నేను పెట్టుకుంటే దాన్ని రూలు అనరు. ఒక పెద్ద పనిలో నా ఫైలు మొత్తం వెనక్కి కొట్టారు. ఎందుకు? కొన్ని లైన్లు 42 దాటాయని. చదివే మనిషి కాదు, చెక్ చేసే ప్రోగ్రాము కొట్టింది. అది `len()` లాగే లెక్కపెడుతుంది. డబ్బులు ఆపేశారు, ఇంతవరకు రాలేదు. మీ వేళ్ళ లెక్క వాళ్ళకి చూపిస్తే నా డబ్బులు ఇస్తారా?

పెన్న ఒడ్డు:
అన్నా, మీ డబ్బులు ఆపడం అన్యాయమే. కానీ ఆ కోపంతో ఈ రైతు మాటలు కత్తిరించకండి. "గట్టు పక్కకు వచ్చి" అనేది తీసేసి అర్థం మారదంటారా? ఆ వాక్యంలో పనికొచ్చే సంగతే అది. తెల్లవారుజామున ఏరియేటర్ ఆగి చెరువులో ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు అంచులకు చేరతాయి. టార్చి పట్టుకుని గట్టు మీద తిరిగే మనిషి వెతికేది ఆ గుర్తునే. కొత్తగా చెరువు వేసినవాళ్ళు ఈ వీడియో చూసేది దాని కోసమే. ఒక్క అంకె కోసం దాన్ని తీసేస్తే ఇంక మిగిలేదేంటి?

ఒంగోలు ఎడిటర్:
ఇప్పుడు బయటపడింది. మీ గొడవ అక్షరాల లెక్క కాదు, ఒక్క మాట కూడా తీయకూడదని. సబ్‌టైటిల్ అంటే కోర్టు వాంగ్మూలం కాదు. మనిషి మాట్లాడినంత వేగంగా కళ్ళు చదవలేవు. ఎంతో కొంత తీయాల్సిందే.

పెన్న ఒడ్డు:
తీయండి. చదవడానికి టైము చాలకపోతే తీయండి. ఇక్కడ చాలుతోంది, క్లిప్ విని చూడండి. రైతు "తేలతాయి" అని 4:22,400 దగ్గర ఆగాడు. తర్వాత మోటారు శబ్దం తప్ప ఇంకేం లేదు. "అప్పుడు" అని మళ్ళీ ఎత్తుకుంది 4:25,160 దగ్గర. 4:28,040కి అయిపోయింది. ప్రశ్న వచ్చేది 4:31,200కి. మీరన్నట్టు తర్వాతి మాట దాకా సాగదీస్తే ఒకే బ్లాకు 13 సెకన్ల పైన తెర మీద నిలబడి ఉంటుంది, నెట్‌ఫ్లిక్స్ పెట్టిన గరిష్ఠం 7. పోనీ అక్షరాల సంఖ్యను బట్టి టైమును పంచితే మొదటి బ్లాకుకే 9 సెకన్లు పోతాయి, రెండోది రైతు నోరు తెరిచిన సెకనున్నర తర్వాత గానీ రాదు. మధ్యలో మనిషి ఆగిన సంగతి అక్షరాల లెక్కకి తెలియదు. దాన్ని చెవితోనే పట్టుకోవాలి.

నేనైతే ఇలా చేస్తాను:

```
61
00:04:17,720 --> 00:04:23,400
తెల్లారుజామున ఏరియేటర్ ఆగిపోయిందంటే చాలు,
రొయ్యలన్నీ గట్టు పక్కకు వచ్చి పైకి తేలతాయి.

62
00:04:25,160 --> 00:04:28,040
అప్పుడు చూసుకోకపోతే
ఆ పంట ఇంక పోయినట్టే.
```

మొదటి దాన్ని ఆయన ఆగాక ఇంకో సెకను ఉంచాను, చదివేవాళ్ళకి ఊపిరి తీసుకునే టైము. ఆ నిశ్శబ్దం మనకి దొరికిన టైమే కదా. రెండో దాంట్లో "చూసుకోకపోతే" తర్వాత లైను విరిచాను, మాట అక్కడే విరుగుతుంది. "ఆ పంట"లో "ఆ" పై లైన్లో, "పంట" కింది లైన్లో పడకూడదు.

కావలి కుర్రోడు:
61, 62 అని ఎలా వేశావన్నా? నాది రెండు ముక్కలుగా టైప్ అయింది, రెండో ఫైలు మళ్ళీ 1తో మొదలైంది.

పెన్న ఒడ్డు:
అవి ఊరికే ఉదాహరణకు వేసినవి. నంబర్లు చివర్లో వేయి తమ్ముడూ. విరిచేవి విరిచి, కలిపేవి కలిపి, రెండు ఫైళ్ళూ ఒకటి చేశాక మొదటి నుంచి వరసగా 1, 2, 3. రెండో ఫైలు టైములు కూడా సున్నా నుంచి మొదలైతే మొదటి ముక్క నిడివిని వాటికి కలపాలి. నంబరు తప్పినా చాలా ప్లేయర్లు పట్టించుకోవు గానీ, అప్‌లోడ్ చేసే చోట కొన్ని ఒప్పుకోవు. అంతకంటే ప్రమాదం ఇంకోటుంది. బ్లాకు మధ్యలో రెండు లైన్ల నడుమ ఖాళీ లైను పడితే ప్లేయరు అక్కడితో బ్లాకు అయిపోయిందనుకుంటుంది, కింది లైను తెర మీదకు రాకుండా పోవచ్చు.

దర్శి శ్రీను:
`UTF-8` పెడితే వచ్చేసింది సార్. థ్యాంక్స్.

ఒంగోలు ఎడిటర్:
61లో రెండో లైను ఇంకా 43. కంపెనీకి పంపితే వెనక్కి వస్తుంది. అది మాత్రం గుర్తుంచుకో తమ్ముడూ.

కావలి కుర్రోడు:
ఇది కంపెనీకి కాదన్నా, మా ఛానెల్‌లోనే పెడతాను. చూసేది ఇక్కడి రైతులే.

ఒంగోలు ఎడిటర్:
ఆ ముక్క మొదటే చెప్పి ఉండాల్సింది. నీ ఛానెల్ అయితే 26 పెట్టుకో, 28 పెట్టుకో, నాకేం అభ్యంతరం లేదు. పక్కోడికి పని చేసేవాడు మాత్రం వాడి చెకర్ ఎలా లెక్కపెడుతుందో రాతపూర్వకంగా అడిగాకే మొదలుపెట్టాలి. నేను చెప్పేది అదే, ఇప్పటికీ అదే.

పెన్న ఒడ్డు:
అడగాలి, నిజమే. వాళ్ళు `len()` అంటే ఆ లైనును మూడో బ్లాకుగా విడగొట్టండి, లేదా చుక్క తీయండి. మాటలు తీయడం చివరి పని అవ్వాలి, మొదటి పని కాకూడదు.

ఒంగోలు ఎడిటర్:
నాలుగున్నర సెకన్ల మాటను రెండు బ్లాకులు చేస్తే తెర మీద మాటలు గబగబా మారిపోతూ ఉంటాయి. దానికంటే రెండు మాటలు తీయడమే మేలు.

కనిగిరి పద్మ:
ఒక్కో బ్లాకుకి రెండు సెకన్ల పైనే వస్తుంది కదండీ, అదేం గబగబా కాదు. మా అమ్మకి చెవులు వినపడవు, సబ్‌టైటిల్ ఉంటేనే చూస్తుంది. ఆమె అడిగేది ఎప్పుడూ ఒకటే, "ఆయన ఇంకా ఏదో అన్నాడు, అది ఎందుకు రాయలేదు?" అని.