పది శాతం దాటిన వాటాదారు డాలస్‌లో ఉంటే ఆయన పాస్‌పోర్ట్ కూడా ఇవ్వాలా?

మిర్చిపొడి (ప్రశ్న):
గుంటూరులో కంపెనీ రిజిస్టర్ చేసి రెండు నెలలైంది. కరెంట్ ఖాతా కోసం వెళ్తే బ్రాంచి ఆఫీసర్ లెటర్ ఇచ్చారు. ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, ఎంఓఏ, ఏఓఏ, కంపెనీ పాన్, బోర్డు తీర్మానం అడిగారు, వాటితో గొడవ లేదు. కిందే ఉంది తిరకాసు: "పది శాతం కంటే ఎక్కువ వాటా నేరుగా గానీ, వేరే సంస్థ ద్వారా గానీ ఉన్న ప్రతి వ్యక్తి కేవైసీ." పక్కన పెన్నుతో "ఐఎన్‌సీ-20ఏ కూడా" అని రాశారు, అంటే వ్యాపారం మొదలుపెట్టే ముందు కంపెనీ రిజిస్ట్రార్‌కి వేయాల్సిన ఫారం. వాటాల్లో నాది 45, మా ఆవిడది 25, మిగతా 30 మా బావ కంపెనీది. ఆ కంపెనీలో బావకి 40, డాలస్‌లో ఉన్న ఆయన తమ్ముడికి 35, ఒక స్నేహితుడికి 25. ఆ తమ్ముడు మా దాంట్లో ఒక్క షేరూ కొనలేదు. ఆయన పాస్‌పోర్ట్ వీళ్లకెందుకు?

కిరాణా_బాబాయ్:
నాకు ఉద్యం సర్టిఫికెట్, జీఎస్టీ కాగితం, ఆధార్, పాన్ చూసి ఖాతా తెరిచారు. మీ మేనేజర్ కావాలనే తిప్పుతున్నాడు, బ్రాంచి మార్చండి.

మిర్చిపొడి:
బాబాయ్, మీది సొంత షాపు. మాది ప్రైవేట్ లిమిటెడ్.

ఆర్టికల్స్_మూడో_ఏడు:
25 శాతం దాటితేనే అడగాలి. కాబట్టి బావ కంపెనీ వరకు అడగొచ్చు కానీ, ఆ కంపెనీలోకి తొంగి చూసే హక్కు బ్యాంకుకు లేదు.

రిటైర్డ్_బ్రాంచి:
25 పాత సంగతి. 2023లో మనీ లాండరింగ్ నిరోధక నిబంధనల్లో కంపెనీలకు దాన్ని 10కి దించారు, రిజర్వ్ బ్యాంకు కేవైసీ ఆదేశాలూ అలాగే మారాయి. ఇక తొంగి చూడటం గురించి. చివరికి మనిషి ఎవరో తేల్చమన్నదే ఆ నిబంధన. మీ ఎంఓఏలో బావగారి కంపెనీ పేరే ఉంటుంది, దాని వెనకున్న మనుషుల పేర్లుండవు. అందుకే ఆఫీసర్ ఆ కంపెనీ వాటాదారుల జాబితా కూడా డైరెక్టర్ సంతకంతో అడుగుతారు, సిద్ధంగా ఉంచుకోండి. మీ లెక్క వేస్తే 30లో 40 శాతం అంటే బావగారికి 12. 30లో 35 శాతం అంటే తమ్ముడికి 10.5. స్నేహితుడికి 7.5, ఆయన్ని వదిలేస్తారు. తమ్ముడు అర శాతం తేడాతో దొరికిపోయారు.

ఆర్టికల్స్_మూడో_ఏడు:
సరే, 25 నా తప్పే. కానీ గుణించమని ఎక్కడుంది సార్? కంపెనీల చట్టం కింద అసలు లబ్ధిదారుల్ని గుర్తించే రూల్స్‌లో అయితే, మధ్యలో ఉన్న కంపెనీలో సగానికి పైగా ఉన్నవాళ్ల వాటానే పరోక్షంగా లెక్కలోకి వస్తుంది. బావకి 40, తమ్ముడికి 35. ఎవరికీ సగం లేదు.

రిటైర్డ్_బ్రాంచి:
అది కంపెనీ రిజిస్ట్రార్‌కి మీరిచ్చే వివరం కోసం. బ్యాంకు చూసే చట్టం వేరు. గుణించమని అక్షరాలా లేదు, నిజమే. కానీ "వేరే సంస్థల ద్వారా" అని ఉంది, కలిసి పనిచేసేవాళ్లని కూడా కలిపి చూడమని ఉంది. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఆ కంపెనీలో 75 శాతం ఉంటే, ఏ ఆఫీసరూ మీ వాదన విని ఫైలు మీద సంతకం పెట్టడు. రేపు ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే.

ఆర్టికల్స్_మూడో_ఏడు:
అంటే ఆఫీసర్ భయం మనకి రూల్ అన్నమాట. నేను ఒప్పుకోను.

హైదరాబాద్_స్టార్టప్:
పెన్నుతో రాసిన ఐఎన్‌సీ-20ఏ సంగతి ఎవరూ పట్టించుకోలేదేం? మా దగ్గరా అడిగారు. ఆ ఫారం వేయాలంటే షేర్ల డబ్బు ఖాతాలో పడ్డట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయాలి. ఖాతా లేకుండా స్టేట్‌మెంట్ ఎక్కణ్ణించి వస్తుంది?

రిటైర్డ్_బ్రాంచి:
అవును, అది ఆఫీసర్ పొరపాటే. ఆ ఫారానికి రిజిస్టరైన రోజు నుంచి 180 రోజులు గడువుంది. డబ్బు జమయ్యాక వేసి కాపీ ఇస్తామని కంపెనీ లెటర్‌హెడ్ మీద హామీపత్రం ఇవ్వండి. అది ఫైల్ చేసేదాకా వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు తీసుకోకూడదు. గడువు దాటితే కంపెనీకి 50,000 జరిమానా, డైరెక్టర్లకు రోజుకు వెయ్యి చొప్పున లక్ష దాకా. అవునూ, రిజిస్ట్రేషన్ ఫారంలోనే ఒక బ్యాంకును ఎంచుకుని ఉండాలే, అదేమైంది?

మిర్చిపొడి:
ఎంచుకున్నాం సార్. వాళ్లు ఫోన్ చేసినప్పుడు మిషన్ల బిగింపు పనిలో ఉండి ఎత్తలేదు. ఆ బ్రాంచి మాకు దూరం కూడా.

రిటైర్డ్_బ్రాంచి:
దాని పరిస్థితి ఏంటో ముందు కనుక్కోండి. అక్కడ ఖాతా సగంలో ఆగి ఉంటే, రెండో చోట ఆ ప్రశ్న కూడా వస్తుంది.

మిర్చిపొడి (వారం తర్వాత):
హామీపత్రం తీసుకున్నారు, పెన్నుతో రాసింది పెన్నుతోనే కొట్టేశారు. పాస్‌పోర్ట్ మాత్రం తప్పదన్నారు. అమెరికాలో నోటరీ దగ్గర గానీ, భారత కాన్సులేట్‌లో గానీ కాపీని ధ్రువీకరించి పంపితే చాలట. తమ్ముడు నోటరీకి వెళ్తానన్నాడు. బావ మాత్రం, తమ్ముడి వాటా 33కి తగ్గిస్తే 9.9 అవుతుంది కదా, ఈ గోల ఉండదుగా అంటున్నాడు.

ఆర్టికల్స్_మూడో_ఏడు:
లెటర్ వచ్చాక తగ్గిస్తే ఎందుకు తగ్గించారని అడుగుతారు. అది మాత్రం చేయకండి.