ఏడు నెలలు ఓడలో ఉంటాను, నంబర్ పోకూడదు: ప్రీపెయిడా, పోస్ట్‌పెయిడా?

ఇంజిన్‌రూమ్_గాజువాక
అందరికీ నమస్కారం. మాది గాజువాక. కార్గో షిప్‌లో పనిచేస్తున్నాను. వచ్చే నెల మళ్ళీ ఎక్కాలి, కాంట్రాక్ట్ ఏడు నెలలు. బ్యాంకు, ఆధార్, యూపీఐ అన్నీ ఒక్క నంబర్‌కే ఉన్నాయి.

ఇంత ఆలోచించడానికి కారణం ఉంది. రెండు కాంట్రాక్టుల క్రితం 28 రోజుల ప్యాక్ వేసుకుని వెళ్ళిపోయాను. తిరిగొచ్చి ఫోన్ ఆన్ చేస్తే సిగ్నల్ లేదు. అమ్మ ఫోన్ నుంచి నా నంబర్‌కే కాల్ చేశాను. ఎవరో హిందీలో "హలో" అన్నారు. నా నంబర్ అప్పటికే వేరేవాళ్ళకి ఇచ్చేశారు. బ్యాంకులో కొత్త నంబర్ ఎక్కించుకునేసరికి నా సెలవులో పద్దెనిమిది రోజులు పోయాయి. ఈసారి అలా జరగకూడదు. పోస్ట్‌పెయిడ్‌కి మారిపోతే టెన్షన్ ఉండదా?

ఎంవీపీ_కిరణ్
కళ్ళు మూసుకుని పోస్ట్‌పెయిడ్ తీసుకో బ్రో. దానికి వ్యాలిడిటీ గొడవే లేదు, బిల్లు కడుతున్నంతకాలం నంబర్ నీదే. కార్డుకి ఆటో పే పెట్టెయ్, నెలనెలా కట్ అవుతుంది. పైగా క్రెడిట్ లిమిట్ ఉంటుంది కాబట్టి బిల్లు అంతకు మించి రాదు. నేను ఆరేళ్ళుగా వాడుతున్నాను, ఒక్కసారి కూడా ఇబ్బంది పడలేదు.

పెందుర్తి_లక్ష్మి
ఈ 28 రోజుల లెక్క గురించి ఎవరైనా చెప్పండి. మా మామగారికి నేనే రీఛార్జ్ చేస్తాను. ఒక నెల 5న వేస్తే పై నెల 2నో 3నో అయిపోతుంది. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జ్‌లు పడుతున్నాయి. ఆయనకి పింఛన్ పడేది 1వ తారీఖున. నెలకోసారి ఒకే తేదీన వేసేలా ఏదీ లేదా?

మద్దిలపాలెం_రీఛార్జ్
లక్ష్మి గారూ, ఉందండి. ఒకే తేదీకి రెన్యువల్ అయ్యే ప్లాన్ కనీసం ఒకటి, 30 రోజులది కనీసం ఒకటి ప్రతి కంపెనీ ఉంచాలని టెలికాం కంపెనీల మీద నిఘా పెట్టే ట్రాయ్ 2022లోనే ఆదేశమిచ్చింది. 31న వేస్తే, 31 లేని నెలలో ఆఖరి రోజున రెన్యువల్ వస్తుంది. యాప్‌లో అది కిందెక్కడో ఉంటుంది, షాపులో అడిగితే తీసిస్తారు.

ఇక గాజువాక తమ్ముడూ, నేను పద్నాలుగేళ్ళుగా రీఛార్జ్ షాపు నడుపుతున్నాను. ఓడ ఎక్కేవాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు. నీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. ప్యాక్ వ్యాలిడిటీ వేరు, నంబర్ ఆయుష్షు వేరు. ప్యాక్ అయిపోయిన రోజునే నంబర్ పోదు. ముందు అవుట్‌గోయింగ్ ఆగుతుంది, తర్వాత కొన్నాళ్ళకి ఇన్‌కమింగ్ కూడా ఆగుతుంది. 90 రోజులపాటు కాల్, మెసేజ్, డేటా ఏదీ లేకపోతేనే నంబర్ తీసేసే మాట వస్తుంది.

2013లో వచ్చిన ఒక నియమం చాలామందికి తెలియదు. 90 రోజులు వాడకపోయినా మెయిన్ బ్యాలెన్స్‌లో 20 రూపాయలుంటే నంబర్ తీయకూడదు. ఆ 20 కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. మళ్ళీ 20 ఉంటే మళ్ళీ 30 రోజులు. బ్యాలెన్స్ లేక ఆగిపోయినా, మళ్ళీ తెరిపించుకోవడానికి 15 రోజుల గడువిస్తారు.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ప్యాక్ కోసం కట్టిన డబ్బు మెయిన్ బ్యాలెన్స్‌లో కనపడదు. మూడువందల ప్యాక్ వేసినా మెయిన్ బ్యాలెన్స్ సున్నాయే. దానికి టాప్‌అప్ విడిగా వేయాలి. 20 రూపాయల టాప్‌అప్ వేస్తే చేరేది 14.95 మాత్రమే, అంటే ఆ నియమానికి అక్కరకు రాదు. 100 వేస్తే 81.75 చేరుతుంది.

నీ లెక్క చూద్దాం. ఏడు నెలలంటే 213 రోజులు అనుకో. ఫోన్ ఆపేసిన రోజు నుంచి 90 రోజులు. తర్వాత 81.75లో 20 చొప్పున నాలుగుసార్లు కోస్తే 120 రోజులు, మిగిలేది 1.75. మొత్తం 210. మూడు రోజులు తక్కువ! ఆ మూడు రోజుల కోసం 15 రోజుల గడువు మీద ఆధారపడొద్దు, ఇంకో 50 వేసి వెళ్ళు.

ఇంజిన్‌రూమ్_గాజువాక
అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, చాలా థ్యాంక్స్. పోయినసారి నా బ్యాలెన్స్ సున్నానే అయ్యుంటుంది. అయితే ఈ పద్ధతిలో ఓటీపీలు వస్తాయా?

మద్దిలపాలెం_రీఛార్జ్
రావు. అది నంబర్‌ని నిలబెట్టే పద్ధతి, అంతే. ఓటీపీ రావాలంటే ప్యాక్ నడుస్తూ ఉండాలి. అందుకే ఇప్పుడు ఓడవాళ్ళకి నేను ఏడాది ప్యాక్ చెబుతున్నాను. డేటా లేకుండా కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండేవి తప్పనిసరిగా అమ్మాలని ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పింది. అలాంటి వోచర్ల గడువు అంతకుముందు 90 రోజులు దాటకూడదు, దాన్ని 365 రోజులకి పెంచారు. నువ్వు ఓడలో ఉండగా ఇక్కడి డేటాతో పనేముంది?

సీతమ్మధార_వి
కిరణ్ గారు "బిల్లు లిమిట్ దాటి రాదు" అన్నారు. నా అనుభవం వేరేలా ఉంది. మన వైజాగ్ నుంచి నేరుగా సింగపూర్ వెళ్ళాను. పోస్ట్‌పెయిడ్, లిమిట్ 1,500. ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేశాను కానీ ప్యాక్ వేసుకోవడం మర్చిపోయాను. దిగగానే మ్యాప్ తెరిచాను, ఫొటోలు బ్యాకప్ అవడం మొదలయ్యాయి. హోటల్‌కి చేరేసరికి "మీరు క్రెడిట్ లిమిట్‌లో 80 శాతం వాడారు" అని మెసేజ్. రెండో మెసేజ్ వచ్చేసరికి సర్వీస్ ఆగింది. బిల్లు చూస్తే 4,000 పైనే. లిమిట్ 1,500 అయితే 4,000 ఎలా అయిందని కస్టమర్ కేర్‌కి ఎన్నిసార్లు అడిగినా తిన్నగా సమాధానం రాలేదు.

ఎంవీపీ_కిరణ్
అలా ఎలా అవుతుంది? లిమిట్ అంటే లిమిటే కదా. మీరు కంప్లయింట్ పెట్టాల్సింది.

మద్దిలపాలెం_రీఛార్జ్
కిరణ్ గారూ, ఇక్కడే ఉన్నంతసేపు మీరు చెప్పింది దాదాపు నిజమే, ఎందుకంటే లెక్క వెంటవెంటనే పడుతుంది. విదేశంలో మీరు వాడేది అక్కడి కంపెనీ నెట్‌వర్క్. ఆ లెక్క మన కంపెనీకి చేరడానికి కొన్ని గంటలు పట్టొచ్చు. ఈలోపు మీ ఫొటోలు వెళ్తూనే ఉంటాయి. 80 శాతం అని మెసేజ్ వచ్చేసరికి మీరు నిజానికి ఎప్పుడో దాటేసి ఉంటారు. ప్రీపెయిడ్‌లో బ్యాలెన్స్ చూసుకుంటూ వాడనిస్తారు, డబ్బు అయిపోతే అక్కడే ఆగుతుంది. నా దృష్టిలో ఈ రెండింటికీ అసలు తేడా ఇదే.

ఇంకోటి. లిమిట్‌లో ఈ నెల వాడకం ఒక్కటే కాదు, కట్టని పాత బిల్లు కూడా కలుస్తుంది. లిమిట్ 1,500, పాత బిల్లు 530 బాకీ ఉంటే ఈ నెలకి మిగిలింది 970. నెల మధ్యలో ఆ 530 కట్టేస్తే మళ్ళీ చోటు దొరుకుతుంది, బిల్లు తేదీ దాకా ఆగక్కర్లేదు.

సింహాచలం_రమణ
అన్నీ సరే గానీ, మా కొండ కింద సిగ్నలే సరిగ్గా రాదు. పోస్ట్‌పెయిడ్‌కి మారితే సిగ్నల్ బాగుంటుందని షోరూమ్‌లో చెప్పారు. నిజమేనా? లేకపోతే `PORT` అని, ఖాళీ వదిలి నా పది అంకెల నంబర్ వేసి 1900కి పంపేయమంటారా?

మద్దిలపాలెం_రీఛార్జ్
రమణ గారూ, టవర్ ఒకటే. ప్లాన్ మార్చినంత మాత్రాన కొండ కింద సిగ్నల్ రాదు. పక్కింటివాళ్ళ సిమ్ ఒకరోజు అడిగి మీ ఇంట్లో పెట్టి చూసి, అప్పుడు పోర్ట్ పెట్టండి. ప్రీపెయిడ్ అయితే మిగిలిన బ్యాలెన్స్, వ్యాలిడిటీ కొత్త కంపెనీకి రావు. పోస్ట్‌పెయిడ్ అయితే బాకీ అంతా కడితేనే వదులుతారు.

ఇంజిన్‌రూమ్_గాజువాక
నేనూ లెక్క వేశాను. 449 పోస్ట్‌పెయిడ్ అని బోర్డు మీద ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 529.82. ఏడు నెలలకి 3,700 పైచిలుకు. ప్రీపెయిడ్ ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది, నేను చూసిన ఏడాది కాల్స్ ప్యాక్ 2,000 లోపే ఉంది. పోస్ట్‌పెయిడ్‌కి సేఫ్ కస్టడీ అని ఒకటుందట, అది తీసుకుంటే తక్కువలో పోతుందా?

మద్దిలపాలెం_రీఛార్జ్
తక్కువే, కానీ సేఫ్ కస్టడీలో పెడితే సర్వీసు ఆపేస్తారు. నంబర్ ఉంటుంది, ఓటీపీ రాదు. నీకు పనికిరాదు.

ఆటో పే గురించి కూడా చెప్పాలి. మధ్యలో కార్డు గడువు తీరిపోతే బిల్లు కట్టబడదు. గుర్తుచేసే మెసేజ్‌లన్నీ నీ ఆఫ్‌లో ఉన్న ఫోన్‌కే వస్తాయి. ముందు అవుట్‌గోయింగ్ ఆగుతుంది, చివరికి కనెక్షన్ పోతుంది. ఆ బాకీ క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కే అవకాశమూ ఉంది. ప్రీపెయిడ్‌లో పోయినా బాకీ మిగలదు.

ఎంవీపీ_కిరణ్
కార్డు సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఇక్కడే ఉండి, ఇంట్లో నలుగురికీ ఒకే బిల్లు కావాలనుకునేవాళ్ళకి పోస్ట్‌పెయిడే మేలు. డేటా కూడా రోజువారీ కోటా కాదు, నెల మొత్తానికి ఒక లెక్క. ఆదివారం 10 జీబీ వాడినా అడ్డు రాదు.

కుర్మన్నపాలెం_అమ్మ
బాబూ, మా ఆయన ఇరవై రెండేళ్ళు ఓడల్లో చేశారు, ఇప్పుడు మా అబ్బాయి చేస్తున్నాడు. మేమేం చేస్తామో చెబుతాను. వాడి సిమ్ ఇంట్లోనే పెట్టి వెళ్తాడు. నా దగ్గర ఒక చిన్న కీప్యాడ్ ఫోన్ ఉంది, అందులో వేసి దేవుడి గది పక్కన గూట్లో ఛార్జర్‌కి పెడతాను. మెసేజ్ వస్తే టింగుమంటుంది. వాడు వాట్సాప్‌లో "అమ్మా, నంబర్ చెప్పు" అంటే ఆరు అంకెలూ చదివి చెబుతాను. వారానికోసారి నేనే ఆ నంబర్‌కి కాల్ చేసి, తీసి పెట్టేస్తాను. అది వాడకం కిందకే వస్తుందట. వాడు అడగకుండా వచ్చిన ఓటీపీ మాత్రం ఎవరు ఫోన్ చేసి అడిగినా చెప్పను.

ఇంజిన్‌రూమ్_గాజువాక
అమ్మా, ఇది మా ఇంట్లో కూడా కుదురుతుంది. ఒక్కటే అనుమానం. సిమ్ తీసేశాక నా ఫోన్‌లో యూపీఐ పనిచేస్తుందా?

కుర్మన్నపాలెం_అమ్మ
మా వాడిది ఒక యాప్ పనిచేసింది, ఇంకోటి మళ్ళీ సిమ్ అడిగింది బాబూ. అందుకే డబ్బు పంపాలంటే బ్యాంకు సైట్‌లోంచి పంపుతాడు.

సీతమ్మధార_వి
నా తమ్ముడు సిమ్ తీసుకెళ్ళి, రోమింగ్ ఆన్ చేసి డేటా ఆఫ్‌లో పెట్టాడు. ఒక పోర్టులో ఓటీపీ వచ్చింది, ఇంకో పోర్టులో ఎంతసేపు చూసినా రాలేదు.

ఇంజిన్‌రూమ్_గాజువాక
అయితే ప్రీపెయిడ్‌లోనే ఉంటాను. 365 రోజుల కాల్స్ ప్యాక్, దాని మీద 150 టాప్‌అప్, సిమ్ అమ్మ దగ్గర. ఎక్కేముందు ఇక్కడే ఓ వారం సిమ్ లేకుండా యూపీఐ వాడి చూస్తాను, ఏ యాప్ అడుగుతుందో ఇక్కడే రాస్తాను. రేపు సాయంత్రం మద్దిలపాలెం వస్తున్నాను అన్నా, ఎన్నింటిదాకా తెరిచి ఉంటారు?

మద్దిలపాలెం_రీఛార్జ్
తొమ్మిదిన్నర దాకా ఉంటాను. ఆ కీప్యాడ్ ఫోన్ కూడా తీసుకురా. కొన్ని పాత సెట్లు 4జీ సిమ్ పట్టవు, వేసి చూద్దాం.