ఆల్ఫా 0.83 వచ్చింది, ముఖాముఖిలో మాట మారింది: మూడో అధ్యాయంలో ఏమని రాయాలి?

తిరుపతి స్కాలర్:
పలమనేరు వైపు పల్లెల్లో పాడి మహిళలకు పాల కేంద్రం మీద ఎంత నమ్మకం ఉందో మిశ్రమ పద్ధతిలో పరిశోధిస్తున్నాను. ఎనిమిది అంశాల ప్రశ్నావళిని 240 మందితో పూర్తి చేయించాను. సగటు ఐదుకు 3.9, క్రోన్‌బాక్ ఆల్ఫా 0.83 వచ్చాయి. తరువాత వారిలోనే 16 మందితో మాట్లాడితే, వెన్న శాతం కొలతను నమ్మడం లేదని 11 మంది చెప్పారు. ఆల్ఫా 0.70 దాటింది, ట్రయాంగ్యులేషన్ చేశాము అని రాస్తే చాలునని మా గైడ్ గారు అంటున్నారు. సప్రమాణతను, విశ్వసనీయతను రెండు భాగాలకూ కలిపి రాయాలా, విడివిడిగా రాయాలా? ఈ వైరుధ్యాన్ని ఎక్కడ పెట్టాలి?

చిత్తూరు లెక్చరర్:
విడివిడిగానే రాయండమ్మా. ఆల్ఫా, నిపుణుల పరిశీలన వంటివి ప్రశ్నావళికి చెందినవి. ముఖాముఖి భాగానికి ఆ మాటలు వాడకూడదు. దానికి లింకన్, గూబా 1985లో ప్రతిపాదించిన ప్రమాణాలు వేరే ఉన్నాయి. మీ ఆల్ఫా బాగుంది కాబట్టి ప్రశ్నావళి సప్రమాణమైనదే. వైరుధ్యం ఫలితాల అధ్యాయంలోకి వెళుతుంది, మూడో అధ్యాయంలో దానికి చోటు లేదు.

గణాంకాల మాస్టారు:
విడిగా రాయాలన్న మాటతో ఏకీభవిస్తాను. అయితే ఆల్ఫా బాగుంటే ప్రశ్నావళి సప్రమాణమైనదనడం సరికాదు. ఎనిమిది అంశాలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి కలిసి పెరుగుతున్నాయో, కలిసి తగ్గుతున్నాయో మాత్రమే ఆల్ఫా చెబుతుంది. అవి కలిసి కదలడానికి కారణం కేంద్రం మీది నమ్మకమా, భయమా, మర్యాదా అన్నది దానికి తెలియదు.

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. రిలయబిలిటీని విశ్వసనీయత అంటున్నాము. లింకన్, గూబాల క్రెడిబిలిటీని కూడా చాలామంది విశ్వసనీయత అనే అనువదిస్తున్నారు. మొదటిది జవాబుల నిలకడకు సంబంధించినది, రెండోది పరిశోధకుడి వ్యాఖ్యానాన్ని నమ్మవచ్చా అన్న విషయానికి చెందినది. ఒకే మాట వాడితే రెండు పేజీల తరువాత రాసినవారికే తేడా తెలియకుండా పోతుంది. నేనైతే రెండోదానికి 'నమ్మదగినతనం' అని వేరే మాట పెట్టుకుంటాను.

స్కాలర్ గారిని ఒకటి అడగాలి. ప్రశ్నావళిని ఎక్కడ పూర్తి చేయించారు?

శ్రీకాళహస్తి టీచర్:
మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నా ప్రశ్నావళికి ఆల్ఫా మైనస్ 0.2 వచ్చింది. అంటే నా పరిశోధనకు సప్రమాణత లేదని రాయాలా?

గణాంకాల మాస్టారు:
టీచర్ గారూ, మీ ప్రశ్నావళిలో వ్యతిరేకార్థంలో రాసిన అంశాలు ఉండే ఉంటాయి. వాటి మార్కులను తిరగవేయకుండా లెక్కించి ఉంటారు. 5ను 1గా, 4ను 2గా మార్చి మళ్ళీ చూడండి. అప్పటికీ రాకపోతే వేరే ప్రశ్నగా అడగండి, ఇది మరో సమస్య.

తిరుపతి స్కాలర్:
130 మందిని ఉదయం పాలు పోసే వేళ కేంద్రం దగ్గరే అడిగాను సార్. అందరూ ఒకచోట దొరుకుతారని అలా చేశాను. కార్యదర్శి నాలుగు అడుగుల దూరంలో కూర్చుని పాల నమూనాలు తీస్తూ ఉండేవారు. మిగిలిన 110 మందిని ఇళ్ళ దగ్గర అడిగాను. ముఖాముఖిలు మాత్రం అన్నీ ఇళ్ళ దగ్గరే జరిగాయి.

గణాంకాల మాస్టారు:
అయితే ఆ రెండు గుంపులకూ ఆల్ఫాను, సగటును విడిగా తీయండి. కొలతను నమ్మడం లేదన్న 11 మందిలో కేంద్రం దగ్గర జవాబిచ్చినవారు ఎందరో కూడా లెక్కపెట్టండి.

తిరుపతి స్కాలర్:
చూశాను సార్. కేంద్రం దగ్గర సగటు 4.3, ఆల్ఫా 0.68. ఇళ్ళ దగ్గర సగటు 3.4, ఆల్ఫా 0.71. ఆ 11 మందిలో తొమ్మిది మంది కేంద్రం దగ్గర జవాబిచ్చినవారే. రెండు గుంపుల్లోనూ తక్కువగా ఉన్న ఆల్ఫా, కలిపితే 0.83 ఎలా అయిందో నాకు అర్థం కాలేదు.

గణాంకాల మాస్టారు:
అసలు విషయం అక్కడే ఉంది. కేంద్రం దగ్గర ఉన్నవారు ఎనిమిది అంశాలకూ కొంత ఎక్కువగా, ఇళ్ళ దగ్గర ఉన్నవారు ఎనిమిదింటికీ కొంత తక్కువగా మార్కులు ఇచ్చారు. రెండు గుంపులనూ ఒకటిగా కలిపినప్పుడు, ఒక అంశంలో ఎక్కువ ఇచ్చినవారు తక్కిన ఏడింటిలోనూ ఎక్కువ ఇచ్చినట్లు కనిపిస్తుంది. అలా చోటు వల్ల వచ్చిన తేడా కూడా అంశాల మధ్య పొందికగా లెక్కలోకి చేరి ఆల్ఫాను పెంచింది. మీరు గొప్పగా చెప్పుకోబోయిన 0.83లో కొంత భాగం కార్యదర్శి కుర్చీది.

(అందరూ ఒకేలా 5 వేసి ఉంటే ఆల్ఫా పెరగదు, అసలు లెక్కకే రాదు. తేడాయే లేనిచోట కలిసి కదలడానికి ఏమీ ఉండదు.)

దీన్ని బయటపెట్టింది ముఖాముఖి. అందుకే ట్రయాంగ్యులేషన్ చేశామన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకూడదు. రెండు ఆధారాలు కలిస్తే ఏమనుకోవాలి, విడిపోతే ఏమి పరిశీలించాలి అన్నది పద్ధతి కిందికే వస్తుంది. కాబట్టి మూడో అధ్యాయంలో ప్రశ్నావళికి ఒక భాగం, ముఖాముఖికి ఒక భాగం రాసి, రెండింటినీ జతచేసిన తీరుకు మూడో భాగం రాయండి. ఆన్‌వ్యూగ్బుజీ, జాన్సన్ 2006లో మిశ్రమ పద్ధతికి వేరే ప్రమాణాలు కావాలని వాదించినది ఈ మూడో భాగం గురించే. ఇంచుమించు ఇలా రాయవచ్చు:

"ప్రశ్నావళి జవాబులకూ ముఖాముఖి మాటలకూ పొంతన కుదరని చోట, ఆ వ్యక్తి ఏ చోట, ఎవరి సమక్షంలో ప్రశ్నావళిని పూర్తి చేశారో చూశాము. చోటును బట్టి ఆల్ఫాను విడిగా లెక్కించాము. చోటు ప్రభావం ఉన్న అంశాలను నమ్మకానికి కొలతగా కాక, కేంద్రం ఎదుట చెప్పగలిగిన మాటగా మాత్రమే వ్యాఖ్యానించాము."

చిత్తూరు లెక్చరర్:
ఆల్ఫా విషయంలో నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటాను. కానీ మాస్టారు గారూ, చోటే కారణమని ఎలా తేల్చారు? పొద్దున్నే కేంద్రానికి స్వయంగా వచ్చేవారు వేరు, భర్త చేతనో పిల్లల చేతనో పాలు పంపి ఇంట్లో ఉండేవారు వేరు. స్వయంగా వచ్చి, కొలత కళ్ళారా చూసేవారికి నిజంగానే నమ్మకం ఎక్కువ ఉండవచ్చు కదా.

గణాంకాల మాస్టారు:
ఆ ఆక్షేపణ బలమైనదే. ఎవరిని ఎక్కడ అడగాలో చీటీలు వేసి నిర్ణయించి ఉంటే ఈ సందేహం వచ్చేది కాదు. కేంద్రం దగ్గర జవాబిచ్చి, ఇంటి దగ్గర కొలతను నమ్మడం లేదన్న ఆ తొమ్మిది మంది నా పక్షాన ఉన్నారు, కానీ తొమ్మిది మందితో 130 మంది సంగతి తేలదు. స్కాలర్ గారూ, రోజుకు ఎన్ని లీటర్లు పోస్తారో, పాలు ఎవరు తీసుకువస్తారో నమోదు చేశారా?

తిరుపతి స్కాలర్:
లీటర్లు నమోదు చేశాను సార్, ఎవరు తెస్తారో అడగలేదు.

గణాంకాల మాస్టారు:
అయితే ఒకే స్థాయిలో పాలు పోసేవారిని రెండు గుంపుల నుంచీ తీసి సగటులు పోల్చండి. తేడా అలాగే నిలిస్తే చోటు మీద అనుమానం బలపడుతుంది. ఎవరు తెస్తారో అడగని సంగతిని పరిమితిగా స్పష్టంగా రాయండి.

చిత్తూరు లెక్చరర్:
రాయడం వరకు సరే. 0.68ను మూడో అధ్యాయంలోనే పెడితే వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. అంకెలను నాలుగో అధ్యాయంలో పెట్టి, ఇక్కడ విధానం మాత్రం చెప్పమని నా సలహా.

గణాంకాల మాస్టారు:
విధానం ఇక్కడ, అంకెలు అక్కడ ఉంటే నాకు అభ్యంతరం లేదు. 0.83ను ఇక్కడ ఒంటరిగా వదిలితే మాత్రం ఒప్పుకోను. పెడితే మూడూ ఒకేచోట పెట్టాలి.

తిరుపతి స్కాలర్:
కేంద్రం దగ్గర జవాబిచ్చినవారిలో 30 మందికి అదే ప్రశ్నావళిని ఇంటి దగ్గర మళ్ళీ ఇద్దామనుకుంటున్నాను. మొదటిసారి అడిగి ఐదు నెలలైంది, మధ్యలో పాల ధర కూడా మారింది. మార్కులు తగ్గితే అది చోటు వల్లనా, ధర వల్లనా అన్నది ఎలా విడదీయాలి?

గణాంకాల మాస్టారు:
ఇంటి దగ్గర జవాబిచ్చినవారిలో కూడా 30 మందిని మళ్ళీ ఇంటి దగ్గరే అడగండి. ధర ప్రభావం వారి మార్కుల్లోనూ కనిపించాలి. పూర్తిగా విడిపోతుందని మాట ఇవ్వలేను.