సమస్య: అప్పు చేసిన యింటికే యందమబ్బు

నిర్వాహకుడు: గుంటూరులో మా వీధి పొదుపు సంఘం వాళ్లు నెలవారీ సమావేశంలో పాడుకోవడానికి ఓ పాట కావాలన్నారు. ఈ పాదం తట్టగానే నాకే నవ్వొచ్చింది. తేటగీతిలో పూరించండి. ఓపికున్నవాళ్లు చప్పట్లతో అందరూ అందుకునే పల్లవి కూడా ఇవ్వండి. పొదుపు, ఐక్యత, చిన్న వ్యాపారం, మూడూ రావాలి.

బ్రాడీపేట మాస్టారు:

నెలకు నూరు రూపాయల నియతితోడ
పదుగురింతులు దాచిన పైడి పెట్టె
కుట్టు మిషనుకు నప్పిచ్చి కూర్చె పనులు
అప్పు చేసిన యింటికే యందమబ్బు

గవర్నరుపేట గంటం: మాస్టారు ఈసారి యతి తప్పలేదు, సంతోషం. దసరా సమస్యలో ‘ర’కు ‘ఱ’తో యతి వేసి, అడిగితే ‘అభేదం’ అని తప్పించుకున్న సంగతి ఇంకా మరవలేదు లెండి. నా పూరణ:

బయటి వడ్డీకి నలిగిన బతుకులందు
సంఘమిచ్చిన సొమ్ముతో సాగె కొట్టు
వడ్డి మన పెట్టెకే చేరి వృద్ధిజెందు
అప్పు చేసిన యింటికే యందమబ్బు

బ్రాడీపేట మాస్టారు: మూడో పాదం మళ్లీ చదువుకోండి గంటం గారూ. ‘వ’కు ‘వృ’ ఎక్కడి యతి? నా ‘ఱ’ గురించి మూడు నెలలుగా ఊరంతా చెబుతున్నారు. మీ ‘వృ’ మీకు కనబడలేదా?

గవర్నరుపేట గంటం: భావం చూడండి మాస్టారూ. అప్పు చేస్తే అందం ఎలా వస్తుందో మీ పద్యంలో లేదు, నా దాంట్లో ఉంది. కట్టిన వడ్డీ కూడా మన పెట్టెలోకే వస్తుంది. అదీ కిటుకు.

లెక్కల అక్క: ‘వృద్ధిజెందు’ తీసేసి ‘వట్టిపోదు’ అనండి, యతి కుదురుతుంది, పాడి గేదె కూడా గుర్తొస్తుంది. భావం మాత్రం గంటం గారిదే పట్టుకోవాల్సింది. నేను విజయవాడలో సంఘాల పుస్తకాలు రాస్తాను, కాబట్టి లెక్క చెబుతాను. పదిమంది, మనిషికి వంద, నెలకి వెయ్యి. పది నెలలకు పదివేలు. అది ఒకామెకు కుట్టు మిషనుకని నూటికి రూపాయి వడ్డీకి ఇచ్చారనుకోండి, నెలకు వెయ్యి చొప్పున అసలు తీరుస్తుంది. మొదటి నెల వడ్డీ 100, తర్వాత 90, 80, చివరి నెల 10. మొత్తం 550. అది ఆ పదిమందిదే, ఆమెతో సహా.

కొన్ని సంఘాల్లో ఏం జరుగుతుందంటే, అసలు తగ్గుతున్నా పదివేల మీదే నెలనెలా వంద వసూలు చేస్తారు. 550 పోయి వెయ్యి అవుతుంది. పుస్తకంలో వడ్డీ గడి చూస్తే చాలు, నెలనెలా పది తగ్గుతూ రావాలి. వరసగా వంద, వంద అనే ఉంటే ఆ ఇంటికి అందం రాదు.

తెనాలి తమ్ముడు: వడ్డీ ఎందుకండీ, ప్రభుత్వం సున్నా వడ్డీ ఇస్తానందిగా? మా పిన్ని వాళ్ల సంఘంలో అయితే అప్పులన్నీ లీడరుకీ ఆమె చెల్లెలికే. తక్కినవాళ్లు పొదుపు కట్టడానికి మాత్రమే ఉన్నారు. దాని మీద కూడా పద్యం రాయండి.

లెక్కల అక్క: సున్నా వడ్డీ వర్తించేది బ్యాంకు అప్పుకు తమ్ముడూ. అదీ కిస్తీలు వేళకు కట్టిన సంఘానికే. ముందు వడ్డీ కట్టాలి, ప్రభుత్వం ఇచ్చినప్పుడు అది ఖాతాలో పడుతుంది. మన పొదుపులోంచి మనం ఇచ్చుకునే అప్పుకు వడ్డీ ఉంటుంది, ఉండాలి కూడా. మీ పిన్నిని తీర్మానాల పుస్తకం అడగమనండి. అప్పు ఎవరికివ్వాలో సమావేశంలో రాసి, అందరి సంతకాలు ఉండాలి.

పట్నంబజారు పోకిరి: అందం అంటే నాకు ఇంకోటి తోచింది.

పార్లరొక్కటి పెట్టెను పడతి యొకతె
సంఘ సభ్యులే తొలుదొల్త సాగి వచ్చి
బొమలు దిద్దించుకొని వారు పోయిరంట
అప్పు చేసిన యింటికే యందమబ్బు

నిర్వాహకుడు: ఈ వారం కిరీటం ఇక్కడే పెట్టేయొచ్చు. ‘అందం’ ఎక్కడికి తిప్పాడో చూడండి!

బ్రాడీపేట మాస్టారు: ‘పార్లరు’ తేటగీతిలో పడింది, అదే పదివేలు. గాంభీర్యం మాత్రం లేదు.

లెక్కల అక్క: నాకు ‘పోయిరంట’ దగ్గర గుండె ఆగింది. డబ్బులిచ్చి పోయారా? కొత్తగా పార్లరు పెట్టినా, పచ్చళ్ల కొట్టు పెట్టినా మొదట దెబ్బ తీసేది సంఘంలోవాళ్ల అరువే. ‘అక్కా, పైనెల ఇస్తాలే’ అంటారు. ఈమె మాత్రం కిస్తీ ఈ నెలే కట్టాలి. బాబు తెలియక రాసినా ఖాతా పుస్తకం చూసి రాసినట్టే ఉంది.

పట్నంబజారు పోకిరి: తెలిసే రాశానండీ. మా ఆవిడకి ఇంకా పన్నెండు బొమల బాకీ రావాలి.

గవర్నరుపేట గంటం: పల్లవి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తీసుకోండి:

పైసా పైసా పోగేద్దాం
పదుగురి చేతులు కలిపేద్దాం
కూలికి కాదిక కొట్టుకు పోదాం
సంఘం మనదే సొమ్మూ మనదే

బ్రాడీపేట మాస్టారు: కొట్టుకుపోదామా! కృష్ణ ఒడ్డున కూర్చుని రాశారు గాబోలు. బుడమేరు వరద చూసినవాళ్ల చేత ఈ మాట పాడించకండి స్వామీ.

పట్నంబజారు పోకిరి: ‘కొట్టే పెడదాం’ అంటే సరి. మాత్రలు అవే.

బ్రాడీపేట మాస్టారు: అసలు పల్లవి దేనికి? నా పద్యమే చప్పట్లతో పాడుకోవచ్చు.

లెక్కల అక్క: పాడి చూశాం మాస్టారూ. మొదటి పాదం 18 మాత్రలు, రెండోది 17. రెండో పాదం చివరికొచ్చేసరికి సగం మంది చప్పట్లు ముందు పడ్డాయి, సగం మందివి ఆగాయి.

బ్రాడీపేట మాస్టారు: అంతేగా? ‘పదుగురొక్కటై దాచిన’ అంటాను. 18 అయింది, ఐక్యత కూడా వచ్చింది.

లెక్కల అక్క: మాట బాగుంది, అది ఉంచండి. కానీ మొత్తం సమానమైతే చాలదు. మొదటి పాదంలో 3, 5, 4 నడుస్తుంది, మూడో పాదంలో 3, 4, 5. చెయ్యి ఎక్కడ కలపాలో ఎలా తెలుస్తుంది? గంటం గారి పల్లవి నాలుగేసి మాత్రలు. ‘పోగేద్దాం’ తర్వాత రెండు మాత్రలు ఖాళీ, అక్కడ అందరూ ఊపిరి తీసుకుంటారు. పద్యాన్ని నాటకంలోలా ఒకరు రాగం తీసి చదవాలి, ‘యందమబ్బు’ కాగానే పల్లవి అందరూ ఎత్తుకోవాలి.

గవర్నరుపేట గంటం: గుంటూరు పద్యం, బెజవాడ పల్లవి. తీర్పు బాగుంది.

లెక్కల అక్క: ఒక్క పేచీ ఉంది. ‘సొమ్మూ మనదే’ అని పాడితే బ్యాంకు అప్పు కూడా మనదేననుకుంటారు. పొదుపు మనది, వడ్డీ మనది, బ్యాంకు సొమ్ము మాత్రం కిస్తీలు కట్టి తిరిగివ్వాల్సింది. ‘బాధ్యత మనదే’ అంటే మాత్రలు సరిపోతాయి.

తెనాలి తమ్ముడు: మాత్రలు సరిపోతాయి గానీ ఊపు పోయిందక్కా. ‘బాధ్యత’ అని చెయ్యెత్తి ఎవరు అరుస్తారు?

గవర్నరుపేట గంటం: నా పల్లవిలో ‘సొమ్ము’ కదపనివ్వను.

బ్రాడీపేట మాస్టారు: ‘బాధ్యత’కే నా ఓటు. గంటం గారు వద్దన్నారు కాబట్టి రెండు ఓట్లు.

నిర్వాహకుడు: రెండూ రాసి పంపించాను. పైవారం సమావేశంలో వాళ్లే పాడి తేల్చుకుంటారట. పోకిరి పద్యం కూడా అడిగారు, పార్లరామె రాని రోజు చదువుతారట.